సిలిండర్ ఫోటోలో 72 కనిపిస్తోంది, మరి నీళ్లు ఎంతున్నాయి?

మొన్న రాత్రి మా బాబాయి కూతురు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. "అన్నయ్యా, రేపే రికార్డ్ ఇవ్వాలి, నా డెన్సిటీ తప్పొస్తోంది" అంది. ల్యాబ్‌లో 54 గ్రాముల అల్యూమినియం కడ్డీని 100 మి.లీ. సిలిండర్‌లో ముంచింది. ముంచకముందు 50 మి.లీ. అని వంగి, కంటి ఎత్తులో సరిగ్గానే చూసింది. ముంచాక మాత్రం హడావుడిలో నిలబడే ఫోటో కొట్టేసింది. అందులో 72 కనిపిస్తోంది. అంటే 54 బై 22, సుమారు 2.45. అల్యూమినియంకి 2.7 రావాలి కదా!

ముందు నేను మెనిస్కస్ చూశాను. నీళ్లు గాజు గోడ దగ్గర కొంచెం పైకి పాకుతాయి, అందుకే పైభాగం గిన్నెలా వంగి ఉంటుంది. మనం చదవాల్సింది గోడకి అంటిన అంచు కాదు, మధ్యలో ఉన్న అడుగు. తను అడుగునే చదివింది. అక్కడ తప్పు లేదు.

మరి తేడా ఎక్కడ? గీతలేమో మనవైపు గోడ మీద ఉన్నాయి, మెనిస్కస్ అడుగేమో సిలిండర్ మధ్యలో ఉంది. పైనుంచి చూస్తే మన చూపు ముందు గోడని కాస్త పైన దాటి, కిందికి దిగుతూ ఆ అడుగుని చేరుతుంది. అందుకే రీడింగ్ ఎక్కువ కనిపిస్తుంది. ఇదే పారలాక్స్. ఫోటోని ఎంత జూమ్ చేసినా ఇది పోదు.

కానీ ఎంత తేడా వచ్చిందో ఫోటోలోనే తెలుస్తుంది. ఆ సిలిండర్‌కి పది పది దగ్గర గీత చుట్టూ తిరిగి ఉంది. కెమెరా సరైన ఎత్తులో ఉంటే ఆ రింగ్ ఒకే గీతలా కనపడాలి. ఈ ఫోటోలో నీళ్లకి పైనున్న 80 రింగ్ కోడిగుడ్డులా సాగింది. దాని వెనక భాగం, ముందున్న 84 గీతతో కలిసినట్టు కనిపిస్తోంది. అంటే ముందు గోడకీ వెనక గోడకీ తేడా 4 మి.లీ. మెనిస్కస్ అడుగు సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి అందులో సగం, 2 మి.లీ. తీసేయాలి. 72 లోంచి 2 పోతే 70. ఇప్పుడు 54 బై 20, కరెక్ట్‌గా 2.7!

అయితే ఇది అంచనానే. అర మి.లీ. అటూ ఇటూ అయినా జవాబు 2.63 నుంచి 2.77 దాకా మారుతుంది. అందుకే రికార్డ్‌లో "ఫోటో నుంచి సరిచేసిన విలువ" అని రాయమన్నాను. ఇంకోటి, కింద నుంచి తీసిన ఫోటోకి ఈ లెక్క వాడకండి. అప్పుడు నీళ్లలోంచి చూస్తాం, వెలుతురు వంగుతుంది, సగం లెక్క కుదరదు.

ఈసారి ఫోటో తీసేటప్పుడు రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి, నీళ్ల దగ్గరి రింగ్ ఒకే గీత అయ్యేదాకా ఫోన్ దించండి. అప్పుడే క్లిక్ కొట్టండి. మీ దగ్గర ఇలాంటి ఫోటో ఉంటే, రింగ్ చూసి ఎన్ని మి.లీ. తీసేయాలో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!