సిలబస్‌ను గంటల్లోకి మార్చడం ఎలా?
(ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు సొసైటీ ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా స్కాలర్‌షిప్ కమిటీ ముందుకు వచ్చే పిల్లల్ని పరీక్షలకు ఎలా చదువుతున్నారని అడుగుతుంటాం. చాలామంది చూపించే టైంటేబుల్ ఒకేలా ఉంటుంది. సోమవారం పాథాలజీ, మంగళవారం ఫార్మకాలజీ, బుధవారం మైక్రోబయాలజీ, మళ్లీ మొదటికి. ఏ పాఠానికి ఎన్ని గంటలు, ఎందుకు అన్నది అందులో ఉండదు. అందుకే ఈ రోజు మైక్రోబయాలజీ ఒక్కదాన్నే తీసుకుని లెక్క మొత్తం మీ ముందు చేసి చూపిస్తాం. మిగతా రెండు సబ్జెక్టులకు ఇదే లెక్క వర్తిస్తుంది.

ముందు మన దగ్గర ఉన్న కాలమెంతో తేల్చుకోవాలి. థియరీ పరీక్షలు 8 వారాల్లో మొదలవుతాయనుకుందాం. పొద్దున వార్డు పోస్టింగులు, మధ్యాహ్నం క్లాసులు పోగా మామూలు రోజున 3 గంటలు, ఆదివారం 6 గంటలు నిజంగా చదవగలిగితే వారానికి 24 గంటలు. ఈ మధ్యలో రంజాన్ వస్తే ఆ వారాలకు గంటలు విడిగా లెక్కవేయాలి. సహరీ, ఇఫ్తార్, తరావీహ్‌లతో రోజు రూపమే మారిపోతుంది కాబట్టి మామూలు వారం అంకెను అక్కడ వేయకూడదు.

ఈ 8 వారాల్లో మొదటి 5 వారాలు తొలి విడత రివిజన్‌కు, తర్వాతి 2 రెండో విడతకు, చివరి వారం పాత పేపర్లు రాయడానికి. రెండో సంవత్సరంలో మూడు సబ్జెక్టులకూ థియరీ 200 మార్కులే, ఒక్కొక్కటి 100 మార్కుల రెండు పేపర్లు. కాబట్టి తొలి విడతలో ఒక్కో సబ్జెక్టుకు వారానికి 8 గంటలు, 5 వారాలకు 40 గంటలు. ఇందులో 8 గంటలు ఖాళీగా వదిలేస్తాం. జ్వరం, బంధువుల పెళ్లి, అనుకోని డ్యూటీ వాటిలోకి పోతాయి. పాఠాలకు పంచేది 32 గంటలు.

ఇక సిలబస్. నేషనల్ మెడికల్ కమిషన్ పాఠ్య ప్రణాళికలో మైక్రోబయాలజీకి 8 అంశాలున్నాయి: సాధారణ మైక్రోబయాలజీ, ఇమ్యూనిటీ ఒకటి, గుండె, రక్తం, జీర్ణవ్యవస్థ, కాలేయం, ఎముకలు, కండరాలు, చర్మం, నాడీవ్యవస్థ, శ్వాసకోశం, జననమూత్ర అవయవాలు, సుఖవ్యాధులు, చివరిది జంతువుల నుంచి సోకే వ్యాధులు, ఇతరాలు. మీ యూనివర్సిటీ పాత పేపర్లు అయిదు తీసుకుని, ప్రతి ప్రశ్న ఏ అంశానికి చెందుతుందో పక్కన రాసి, మార్కులు కూడి, 200కు సగటు తీయండి. ఒక సాయంత్రం పని. ఇప్పుడు మేము చెప్పే అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవి మాత్రమే. మీవి మీరే తీసుకోవాలి. పైన చెప్పిన వరసలోనే 50, 25, 35, 15, 20, 25, 15, 15 అనుకుందాం. మొత్తం 200.

తర్వాత కష్టం. దీన్ని మనసుకు తోచినట్టు వేయకూడదు. ఇష్టంలేని పాఠం కష్టంగా అనిపిస్తుంది, నిన్న చదివింది సులువుగా కనిపిస్తుంది. ప్రతి అంశం నుంచి ఒక పాత ప్రశ్న తీసుకుని, పుస్తకం మూసి, 10 నిమిషాలు రాయండి. తర్వాత పుస్తకంతో సరిచూడండి. ముఖ్యమైనవన్నీ వస్తే 1, సగం వస్తే 2, మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తే 3. అంతకు మించి అంకెలు వద్దు. 10 దాకా వేస్తే కష్టం మార్కుల్ని మింగేస్తుంది, రెండు మార్కుల పాఠం ముందు వారమంతా కూర్చుంటారు.

ఒక విద్యార్థినికి అదే వరసలో 2, 2, 1, 1, 3, 2, 3, 3 వచ్చాయనుకుందాం. మార్కుల్ని కష్టంతో గుణిస్తే 100, 50, 35, 15, 60, 50, 45, 45. మొత్తం 400 పాయింట్లు. 32 గంటల్ని 400తో భాగిస్తే పాయింటుకు 0.08 గంట, అంటే దాదాపు 5 నిమిషాలు. దాంతో గుణించి అర గంటలకు సర్దితే 8, 4, 3, 1, 5, 4, 3.5, 3.5 గంటలు. కూడి చూడండి, సరిగ్గా 32.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. జీర్ణవ్యవస్థకు 35 మార్కులున్నా 3 గంటలే వచ్చాయి. నాడీవ్యవస్థకు 20 మార్కులే ఉన్నా 5 గంటలు వచ్చాయి. మొదటిది ఆమెకు వచ్చేసింది, రెండోదానిలో మెనింజైటిస్ దగ్గర పెన్ను ఆగిపోతోంది. అయితే ఏ అంశానికీ గంట కంటే తగ్గించకండి. వచ్చిన పాఠం కూడా రెండు నెలలు తెరవకపోతే జారిపోతుంది. 50 మార్కుల మొదటి అంశాన్ని ఒకే ముద్దగా ఉంచకుండా స్టెరిలైజేషన్, ఇమ్యునాలజీ లాంటి ముక్కలుగా విడదీసి, ఒక్కోదాన్ని విడిగా పరీక్షించుకుంటే లెక్క ఇంకా నిజానికి దగ్గరవుతుంది.

ఇప్పుడు వారాల్లో సర్దుదాం. బరువైనవి ముందు రావాలి, మళ్లీ చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. 1, 2 వారాల్లో ఒక్కోదానిలో సాధారణ మైక్రోబయాలజీ 4 గంటలు, నాడీవ్యవస్థ రెండున్నర. 3వ వారంలో సుఖవ్యాధుల అంశం, జంతువుల నుంచి వచ్చే వ్యాధులు మూడున్నర చొప్పున. 4వ వారంలో గుండె–రక్తం 4, శ్వాసకోశం 2. 5వ వారంలో శ్వాసకోశం మిగతా 2, జీర్ణవ్యవస్థ 3, ఎముకలు–చర్మం 1. ఏ వారమూ 8 గంటలు నిండలేదు. మిగిలినవి కలిపితే ముందు వదిలేసిన ఆ 8 గంటలే.

ఈ టైంటేబుల్ తప్పుతోందని ఎలా తెలుస్తుంది? వరసగా రెండు వారాలు ఖాళీ గంటలు కూడా అయిపోయి, పాఠాలు ఇంకా మిగిలితే, మీరు వేసుకున్న 24 గంటలు నిజం కాదు. అప్పుడు రాత్రులు మేలుకోవడం కాదు, అంకె తగ్గించి మళ్లీ పంచాలి. 3వ వారం చివర చదివిన అంశాలపై 10 నిమిషాల పరీక్ష మళ్లీ పెట్టుకోండి. 5 గంటలు చదివాక కూడా నాడీవ్యవస్థ 3 దగ్గరే ఉంటే, ఇంకో 5 గంటలు చదివినా అంతే కావచ్చు. దాన్ని సీనియర్‌నో టీచర్‌నో అడిగి తేల్చుకోవాలి. కొత్తగా వచ్చిన అంకెలతోనే రెండో విడత 2 వారాలు పంచాలి.

పరీక్ష తేదీ మారితే? 2 వారాలు గడిచాక పరీక్ష వారం ముందుకు జరిగిందనుకుందాం. అప్పటికి 160 పాయింట్లు అయిపోయాయి, 240 మిగిలాయి. తొలి విడతకు 3 వారాల బదులు 2 వారాలే, అంటే వారానికి ఆరున్నర చొప్పున 13 గంటలు. 13ను 240తో భాగిస్తే 45 పాయింట్ల అంశానికి మూడున్నర బదులు రెండున్నర గంటలు వస్తాయి. చివరి పాఠాన్ని పూర్తిగా వదిలేయడం కంటే అన్నిటిలో కొంచెం తగ్గడం మేలు.

చివరగా, హాల్ టికెట్‌తో పాటు వచ్చే పేపర్ల వరస చూడండి. మొదట రాసే సబ్జెక్టుకు ముందు సెలవు ఉండదు కాబట్టి చివరి వారంలో ఎక్కువ భాగం దానిదే. తర్వాత వచ్చేవాటికి పేపర్ల మధ్య దొరికే రోజుల్ని బట్టి ఇప్పుడు తగ్గించుకోవచ్చు. ఏ అంశం ఏ పేపర్‌లో వస్తుందో యూనివర్సిటీ ఇచ్చే విభజనను కూడా టైంటేబుల్ పక్కనే అంటించుకోండి. ఒక పేపర్ అంశాలన్నీ చివరి వారానికి మిగిలిపోయాయేమో దాన్ని చూస్తే వెంటనే తెలుస్తుంది.

పాత పేపర్లు, గీతలు గీసిన ఖాళీ కాగితాలు వెనక బల్ల మీద ఉంచాం. ఫార్మకాలజీ లెక్క ఇక్కడే కూర్చుని మొదలుపెట్టండి. కూడిక తేడా వస్తే మేము పక్కనే ఉంటాం.