మీటరు చెప్పిన తరుగుదల

 

పట్టాలు అందుకోవడానికి వచ్చిన వాణిజ్యశాస్త్ర విద్యార్థులారా, తరుగుదల లెక్క మీరు పరీక్షల్లో ఎన్నోసార్లు చేశారు. నేనూ చేశాను, మార్కులూ తెచ్చుకున్నాను. కానీ దాని అర్థం నాకు తెలిసింది పరీక్ష హాల్లో కాదు. ఆర్టికల్స్ చేస్తున్న రోజుల్లో మిర్యాలగూడ దగ్గర ఒక పల్లెలో, రేకుల షెడ్డు కింద నిలబెట్టిన వరికోత మిషన్ పక్కన తెలిసింది. ఈరోజు మీకు ఆ ఒక్క మిషన్ లెక్కే చెబుతాను. తేలిగ్గా గుర్తుండాలని అంకెలు గుండ్రంగా చేశాను.

ఇద్దరు అన్నదమ్ములు భాగస్వామ్యంలో 30 లక్షలు పెట్టి మిషన్ కొన్నారు. దాన్ని గంటల లెక్కన కిరాయికి తిప్పుతారు. ఐదేళ్లు నడిపి అమ్మేయాలని వాళ్ల ఆలోచన. అప్పటికి 5 లక్షలు వస్తాయని అంచనా. అంటే ఆ ఐదేళ్లలో ఖర్చు రాయాల్సింది 25 లక్షలు. డీజిల్, డ్రైవర్ జీతం, బ్లేడ్లు, బెల్టులు అన్నీ పోగా, తరుగుదల తీయకముందు మొదటి ఏడాది 10 లక్షలు మిగిలాయి. రెండో ఏడాది 11. మూడో ఏడాది వానలు లేక సగానికి సగం పొలాలు బీడు పడ్డాయి, మిగిలింది 3 లక్షలే. నాలుగో ఏడాది 9, ఐదో ఏడాది 8. మొత్తం 41 లక్షలు.

స్థిర వాయిదాల పద్ధతిలో ఏడాదికి 5 లక్షల తరుగుదల. అప్పుడు లాభం వరసగా 5 లక్షలు, 6 లక్షలు, మూడో ఏడాది 2 లక్షల నష్టం, తర్వాత 4, 3.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 30 శాతం వేద్దాం. మొదటి ఏడాది తరుగుదల 9 లక్షలు. మిగిలిన 21 లక్షల మీద రెండో ఏడాది 6 లక్షల 30 వేలు. అలా తగ్గుతూ తగ్గుతూ ఐదో ఏడాది చివరికి 5 లక్షల 4 వేల చిల్లర మిగులుతుంది, ఆ నాలుగు వేలూ ఆఖరి ఏడాదిలో కలిపేస్తాం. ఈ పద్ధతిలో మొదటి ఏడాది లాభం 1 లక్షే. రెండో ఏడాది 4 లక్షల 70 వేలు. కరువు ఏడాది 1 లక్షా 41 వేల నష్టం. నాలుగో ఏడాది 5 లక్షల 91 వేలు, ఐదో ఏడాది 5 లక్షల 80 వేలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అదే మిషన్, అవే పొలాలు, అదే డ్రైవర్. మొదటి ఏడాది ఒక పుస్తకం 5 లక్షల లాభం అంటే, ఇంకో పుస్తకం 1 లక్ష అంటోంది. ఆ ఏడాది చివర ఒక భాగస్వామి వాటా తీసుకుని తప్పుకుంటే అతని చేతికి వచ్చేది ఏ పుస్తకాన్ని బట్టి? లాభంలో కమిషన్ మాట్లాడుకున్న మేనేజర్ ఉంటే అతని కమిషన్ ఎంత? ఈ ప్రశ్నలు వచ్చినప్పుడే పద్ధతి ఎంపిక ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఆ షెడ్డులో నేను లెక్క చెబుతుంటే, అన్నదమ్ముల్లో పెద్దాయన నన్ను అడిగిన మాట ఇది: "ఏం బిడ్డా, మిషన్ షెడ్డుల నిలవడ్డ ఏడు గూడ ఐదు లక్షలు అరిగినట్టేనా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన మిషన్ ఎక్కి, స్టీరింగ్ పక్కనున్న చిన్న అద్దాన్ని తువాలుతో తుడిచి చూపించారు. దుమ్ము కింద అవర్ మీటరు. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంది. ఏడాదివారీగా విడదీస్తే మొదటి ఏడాది 1200 గంటలు, రెండో ఏడాది 1300, కరువు ఏడాది 400.

యంత్ర గంటల పద్ధతి మీ పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోతుంది, పరీక్షలోనూ అరుదుగా వస్తుంది. ఈ మిషన్‌కి మాత్రం అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. మొత్తం 5000 గంటలు పనిచేస్తుందనుకుంటే, 25 లక్షలను 5000తో భాగిస్తే గంటకు 500 రూపాయలు. మొదటి ఏడాది తరుగుదల 6 లక్షలు, రెండో ఏడాది 6 లక్షల 50 వేలు, కరువు ఏడాది 2 లక్షలే. తర్వాతి రెండేళ్లలో 1100 గంటలు, 1000 గంటలు తిరిగింది కాబట్టి 5 లక్షల 50 వేలు, 5 లక్షలు. లాభాలు వరసగా 4 లక్షలు, 4 లక్షల 50 వేలు, కరువు ఏడాది 1 లక్ష, ఆపైన 3 లక్షల 50 వేలు, 3 లక్షలు. కరువు ఏడాది మిగతా రెండు పద్ధతులూ నష్టం చూపితే ఇది కొద్దిపాటి లాభం చూపింది.

అయితే దీనికీ హద్దులున్నాయి. షెడ్డులో నిలబెట్టినా రబ్బరు బెల్టులు బిరుసెక్కుతాయి, చైన్లు తుప్పు పడతాయి, కొత్త మోడల్ వస్తే పాతదాని ధర పడిపోతుంది. ఇవేవీ మీటరుకు తెలియవు. అందుకే అరుగుదల పనిని బట్టి ఉండే వస్తువులకే ఈ పద్ధతి. ఆఫీసు ఫర్నిచరుకు, కంప్యూటరుకు ఇది పనికిరాదు. ఇంకో జాగ్రత్త: గంటలను కొలవాలి, కిరాయి రాబడిని కాదు. కిరాయి రేటు పెరిగినంత మాత్రాన మిషన్ ఎక్కువ అరగదు. రాబడిని బట్టి తరుగుదల వేయడం తగదని ఇండ్ ఏఎస్ 16 స్పష్టంగానే చెప్పింది.

ఇప్పుడు మూడు పద్ధతుల లాభాలూ విడివిడిగా కూడండి. ఏది కూడినా 16 లక్షలే. వచ్చిన 41 లక్షల్లోంచి మిషన్ ధర 30 తీసి, అమ్మితే వచ్చే 5 కలిపినా 16 లక్షలే. పద్ధతి లాభాన్ని పుట్టించదు, పోగొట్టదు. ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి జరుపుతుంది, అంతే.

మధ్యలో అమ్మేసినా ఇదే సంగతి. మూడో ఏడాది చివర 12 లక్షలకు అమ్మేశారనుకుందాం. స్థిర వాయిదాల పుస్తకంలో మిషన్ విలువ 15 లక్షలు, కాబట్టి అమ్మకంలో 3 లక్షల నష్టం. తగ్గుతున్న నిల్వల పుస్తకంలో విలువ 10 లక్షల 29 వేలు, కాబట్టి 1 లక్షా 71 వేల లాభం. గంటల పుస్తకంలో విలువ 15 లక్షల 50 వేలు, నష్టం 3 లక్షల 50 వేలు. మూడేళ్ల లాభనష్టాలకు వీటిని కలపండి, మూడు చోట్లా 6 లక్షలే వస్తుంది. అమ్మకం నాటి లాభమో నష్టమో అంటే, అంతకుముందు ఏళ్లలో తరుగుదల ఎక్కువో తక్కువో వేశామని బయటపడటమే. ఒక సంస్థ పాత యంత్రాలు అమ్మిన ప్రతిసారీ నష్టమే చూపుతోందంటే, ఇన్నేళ్లూ తరుగుదల తక్కువ వేసి లాభం ఎక్కువ చూపిందేమోనని అనుమానించండి. నేను ఫైలు చూసేటప్పుడు ముందు వెతికేది ఇదే.

పద్ధతి మధ్యలో మారిస్తే ఏమవుతుంది? తగ్గుతున్న నిల్వల పద్ధతిలో రెండేళ్లు నడిచి, కరువు ఏడాదిలో స్థిర వాయిదాలకు మారారనుకోండి. రెండేళ్లలో వేసిన తరుగుదల 15 లక్షల 30 వేలు. మొదటి నుంచీ స్థిర వాయిదాలైతే 10 లక్షలే వేసేవాళ్లు. పాత ఏఎస్ 6 ప్రకారం వెనక్కి వెళ్లి తిరగలెక్క కట్టి, ఆ 5 లక్షల 30 వేల తేడాను మారిన ఏడాది లాభనష్టాల ఖాతాలోనే జమ చేసేవారు. 3 లక్షల్లోంచి 5 తీసి 5 లక్షల 30 వేలు కలిపితే 3 లక్షల 30 వేల లాభం! వానలు లేని ఏడాదిలో, మిషన్ ఎక్కువగా షెడ్డులోనే ఉన్న ఏడాదిలో. 2016లో సవరించిన ఏఎస్ 10 దీన్ని ఆపింది. ఇప్పుడు పద్ధతి మార్పును అంచనాలో మార్పుగా చూస్తారు. వెనక్కి వెళ్లకుండా, మిగిలిన 14 లక్షల 70 వేల నుంచి 5 లక్షలు తీసి, వచ్చినదాన్ని మిగతా మూడేళ్లకు పంచుతారు. ఏడాదికి 3 లక్షల 23 వేలు. కరువు ఏడాది నష్టం 23 వేలకు తగ్గుతుంది గాని లాభంగా మారదు. అయినా 1 లక్షా 41 వేలు 23 వేలైంది కదా. మిషన్‌ను వాడే తీరు మారితేనే పద్ధతి మార్చాలని ప్రమాణం చెబుతుంది. లాభం చాలలేదన్నది కారణం కాదు.

పద్ధతి మార్చకుండానే లాభం పెంచే దారి ఇంకొకటుంది, అది ఎక్కువ ప్రమాదకరం. స్థిర వాయిదాల పద్ధతినే ఉంచి, ఐదేళ్ల ఆయుష్షును ఎనిమిదేళ్లు అనండి, తుక్కు విలువను 5 నుంచి 6 లక్షలు చేయండి. తరుగుదల 5 లక్షల నుంచి 3 లక్షలకు దిగుతుంది. ఏటా 2 లక్షల లాభం కలం పోటుతో వచ్చేసింది. అమెరికాలో వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే చెత్త సేకరణ కంపెనీ చేసిన పనుల్లో ఇదీ ఒకటి. 1992 నుంచి 1997 వరకు చెత్త లారీల ఆయుష్షు పెంచింది, ఆధారం లేని తుక్కు విలువలు కట్టింది. 1998లో లెక్కలు సవరించుకున్నప్పుడు అన్ని అక్రమాలూ కలిపి తేలిన తేడా 170 కోట్ల డాలర్లు. ఆ లెక్కల మీద సంతకం పెట్టిన ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ 2001లో 70 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఒక లారీ ఎన్నేళ్లు నడుస్తుందో లారీ షెడ్డులో అడిగితే చెబుతారు. అడగాల్సిన వాళ్లు అడగలేదు.

మన దగ్గర కంపెనీల చట్టం 2013 రెండో షెడ్యూలు యంత్రాల ఆయుష్షును సూచిస్తుంది. తుక్కు విలువ సాధారణంగా ధరలో 5 శాతం మించకూడదంటుంది. కంపెనీ వేరే ఆయుష్షు తీసుకుంటే సాంకేతిక సలహా ఆధారంగా కారణం చెప్పాలి. ఆ కారణం నోట్సులో ఉంటుంది, దాన్ని దాటేసి వెళ్లకండి. ఆదాయపు పన్నుకు లెక్క వేరు. పుస్తకాల్లో ఏ పద్ధతి పెట్టుకున్నా, పన్నుకు మామూలుగా ఆస్తుల బ్లాకు మీద తగ్గుతున్న నిల్వల రేటే. విద్యుదుత్పత్తి సంస్థల్లాంటి కొద్దిమందికే వెసులుబాటు. అందుకే పన్ను కోసం వేసిన రేటునే పుస్తకాల్లోకి ఎక్కించే అలవాటు మన చిన్న సంస్థల్లో బలంగా ఉంది. ఆ రేటుకూ ఆ మిషన్ అరుగుదలకూ సంబంధం ఉండాలని ఏమీ లేదు.

ఆ పెద్దాయన ప్రశ్నకు నేను తర్వాత జవాబు చెప్పాను. లేదు పెద్దాయనా, ఆ ఏడు ఐదు లక్షలు అరగలేదు, మా కాగితం అలా రాసింది అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా మీటరు మీద గుడ్డ కప్పారు.

రేపు మీ మొదటి ఆడిట్‌కి వెళ్లినప్పుడు స్థిరాస్తుల రిజిస్టరు తెరిచి, అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏ యంత్రానిదో చూడండి. ఆఫీసు గదిలోంచి లేచి, ఆ యంత్రం ఉన్న చోటికి నడిచి వెళ్లండి. దాన్ని నడిపే మనిషిని ఇది ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుందని అడగండి. మీటరుంటే దుమ్ము తుడిచి, గంటలు రాసుకుని రండి.