తర, బ, తొ, నర: మన "తే" ఒక్కటే, జపనీస్‌లో నాలుగు!

ఎన్4కి చదివేవాళ్లు ఎక్కువగా తికమకపడే టాపిక్ ఇది. తెలుగులో "వస్తే, తాగితే, నొక్కితే" అని ఒక్క "తే"తో పని అయిపోతుంది. జపనీస్‌లో దానికి తర, బ, తొ, నర అని నాలుగున్నాయి. ఏది ఎక్కడ వాడాలి?

జపాన్‌లో అందరికీ తెలిసిన ఒక ట్రాఫిక్ స్లోగన్ తీసుకుందాం. "నొన్‌దర నొరు న, నొము నర నొరు న." నొము అంటే తాగడం, నొరు అంటే బండెక్కడం, చివరి "న" అంటే వద్దు. రెండు ముక్కలకీ మన అనువాదం "తాగితే బండెక్కకు" అనే వస్తుంది. మరి రెండుసార్లు ఎందుకు చెప్పారు?

నొన్‌దరలో ఉన్నది తర. ముందున్న శబ్దం వల్ల "దర" అయింది. తర అంటే మొదటి పని అయిపోయాక రెండోది. అంటే "తాగేశాక బండి ముట్టుకోకు". నర అలా కాదు. "తాగేటట్టయితే" అని అర్థం. ఇంకా తాగలేదు, ఉద్దేశం మాత్రమే ఉంది. అంటే పార్టీకి బయల్దేరేటప్పుడే బండి ఇంట్లో పెట్టు. చూశారా, తరలో పనుల వరుస ముందుకే నడుస్తుంది. నరలో రెండో పని ముందే జరగొచ్చు.

సరే, ఇక్కడ తొ పెట్టొచ్చా? "నొము తొ నొరు న" అంటే తప్పు. తొ అనేది ఆటోమేటిక్‌గా జరిగేవాటికి. "బొతన్ ఒ ఒసు తొ, కిప్పు గ దెమస్": బటన్ నొక్కితే టికెట్ వస్తుంది, ఎప్పుడు నొక్కినా అంతే. అందుకే తొ తర్వాత "చెయ్యి, వద్దు, ప్లీజ్" లాంటివి రావు. నేను మొదట్లో "ఎకి ని త్సుకు తొ, దెన్‌వ షితె కుదసయ్" అని రాసి రెడ్ మార్క్ తెచ్చుకున్నాను. "స్టేషన్‌కి చేరితే ఫోన్ చెయ్యండి" అనాలంటే "త్సుయితర" రావాలి.

ఇక బ. "కుసురి ఒ నొమెబ నఒరిమస్": మందు వేసుకుంటే తగ్గుతుంది. మందుకి కూడా నొము అనే అంటారు. ఫలితం రావాలంటే ఏం కావాలో బ చెప్తుంది. "వేసుకుంటే చాలు" అన్నట్టు. "నొమెబ నొరు న" కూడా కుదరదు, ఎందుకంటే పని చెప్పే క్రియకి బ పెట్టి, అదే మనిషికి ఆర్డర్ వెయ్యకూడదు. "యసుకెరెబ కత్తె కుదసయ్", అంటే "చవకైతే కొనండి", మాత్రం ఓకే. చవక అనేది పని కాదు, స్థితి కదా.

కాబట్టి మీ "తే"ని ముందు తెలుగులోనే మార్చి చూడండి. "తర్వాత" అని సరిపోతే తర. "ఏటట్టయితే" అంటే నర. "తే చాలు" అంటే బ. "ఎప్పుడు చేసినా అంతే" అంటే తొ. డౌట్‌గా ఉండి, పనుల వరుస ముందుకే ఉంటే తర పెట్టేయండి, మాట్లాడేటప్పుడు ఎక్కువ చోట్ల నడుస్తుంది.

ఇప్పుడు మీ వంతు: "జపాన్ వెళ్తే కెమెరా కొను". ఇక్కడే కొని తీసుకెళ్లాలంటే ఏది? అక్కడికెళ్లి కొనాలంటే ఏది? కామెంట్‌లో రాయండి. బై!