ఒకే మనిషి, రెండు సబ్బులు



డ్యూటీల వల్ల శుక్రవారం మీటింగుకు చాలామంది రాలేకపోయారు. అందుకే అక్కడ నేను మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నా. నేను దోహాలో సేల్స్ పని చేస్తాను. షాపుల్లో సబ్బుల ర్యాకు సర్దించడం, ఏది ఎంత పోయిందో రాసుకోవడం నా పని. ఆ ర్యాకు ముందు నిలబడి నేర్చుకున్న సంగతి ఒకటి చెప్తాను.

ముందు మీకో ప్రశ్న. మీరు క్యాంపులో రోజూ వాడే సబ్బు ఏది? సెలవు మీద ఊరికి పోయేటప్పుడు పెట్టెలో పెట్టుకుపోయే సబ్బు ఏది? మీటింగులో చేతులెత్తమంటే దాదాపు అందరివీ రెండు వేర్వేరు సబ్బులే. మనిషి ఒక్కడే, జేబు ఒక్కటే. సబ్బులు మాత్రం రెండు. ఇది సబ్బు కంపెనీకి మనకన్నా ముందే తెలుసు.

కొనేవాళ్లను ఇట్లా గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో తీరున అమ్మడాన్ని మార్కెట్ సెగ్మెంటేషన్ అంటారు. చాలామంది దీన్ని పేదోళ్లకు ఒకటి, ఉన్నోళ్లకు ఒకటి అనుకుంటారు. అది సగమే నిజం. తెలివైన కంపెనీ మనిషిని చూసి ఊరుకోదు. ఆ మనిషి ఎందుకు కొంటున్నాడో కూడా చూస్తుంది.

లైఫ్‌బాయ్, లక్స్, డవ్ మూడూ యూనిలీవర్ అనే ఒకే కంపెనీవి. లైఫ్‌బాయ్ 1895 నుంచి మన దేశంలో ఉంది. చెమట, మురికి, క్రిములు అన్న భయం ఉన్నవాళ్లకు అమ్మారు. లక్స్‌ను సినిమా తారల అందం పేరుతో అమ్మారు. డవ్‌ను చర్మం పొడిబారుతోందని బాధపడేవాళ్లకు, ఎక్కువ ధర పెట్టగలిగేవాళ్లకు అమ్ముతున్నారు. ఒక్క సబ్బే చేసి అందరికీ అమ్మితే? తక్కువ ధర పెడితే ఎక్కువ ఇవ్వగలిగినవాడి డబ్బు పోతుంది. ఎక్కువ ధర పెడితే మనలాంటివాడు పక్క కంపెనీకి పోతాడు.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ సంతూర్‌ది. విప్రో వాళ్లు 1980లలో గంధం, పసుపు కలిసిన సబ్బుగా దాన్ని తెచ్చారు. మొదట్లో ప్రకటన ఆ గంధం, పసుపు గురించే. తర్వాత మాట మార్చారు. కాలేజీ అమ్మాయి అనుకుంటే, చిన్న పాప పరుగెత్తుకొచ్చి మమ్మీ అంటుంది. ఆ ప్రకటన మీకందరికీ గుర్తే. సబ్బులో గంధం, పసుపు అట్లాగే ఉన్నాయి. మారింది కొనే మనిషిని చూసే చూపు. ఇంట్లో సబ్బు ఎంచేది చాలాసార్లు పిల్లల తల్లి. ఆమెకు సినిమా తార కావాలని లేదు, వయసు కనిపించకపోతే చాలు. ఆ ఒక్క కోరికను పట్టుకుని ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో సంతూర్ పాతుకుపోయింది.

ఇక మన ఖతర్ ర్యాకు దగ్గరకు రండి. కింది లెక్కలోని ధరలు అర్థం కావడానికి నేను అనుకున్నవి. మీ షాపులో వేరుగా ఉండొచ్చు.

క్యాంపు పక్క బకాలాలో 125 గ్రాముల సబ్బు ఒక్కటి రెండున్నర రియాళ్లు. అంటే 100 గ్రాములకు 2 రియాళ్లు. అదే సబ్బు హైపర్‌మార్కెట్లో ఆరు కలిపిన ప్యాకు 12 రియాళ్లు. 100 గ్రాములకు 1 రియాల్ 60 దిర్హమ్‌లు. రంగు డబ్బాలో 100 గ్రాములవి మూడు పెట్టిన గిఫ్ట్ ప్యాకు 15 రియాళ్లు. ఇక్కడ 100 గ్రాములకు 5 రియాళ్లు పడింది.

మొదటిది నెలాఖరున చేతిలో చిల్లర మాత్రమే ఉన్నవాడికి. రెండోది జీతం పడ్డాక రూంమేట్లతో కలిసి బస్సెక్కి పోయేవాడికి. మూడోది ఊరికి పోయేవాడికి. వాడు గ్రాముల లెక్క చూడడు, చెల్లెలు డబ్బా విప్పినప్పుడు ఆమె మొహం ఎట్లా ఉంటుందో చూస్తాడు. ఈ ముగ్గురూ ఒకే మనిషి కావచ్చు, ఒకే నెలలో కావచ్చు.

మరి గిఫ్ట్ కొనేవాడు ఆరు సబ్బుల ప్యాకు ఎందుకు కొనడు? మధ్యలో కంచె ఉంది. డబ్బా, వాసన, రంగు, సైజు, పెట్టే చోటు, ఇవే ఆ కంచె. కంచె లేకపోతే అందరూ చవక వైపే పోతారు. కొన్నిసార్లు కంచె తెగుతుంది కూడా. బకాలా అతను ఆరు సబ్బుల ప్యాకు తెచ్చి, విప్పి, ఒక్కొక్కటిగా అమ్ముతాడు. అప్పుడు పుస్తకంలో ప్యాకుల అమ్మకం పెరుగుతుంది, విడి సబ్బుల అమ్మకం అంతే తగ్గుతుంది, మొత్తం మాత్రం పెరగదు. అట్లా కనిపిస్తే కొత్త గుంపు దొరకలేదని, ఉన్నవాళ్లే అటు నుంచి ఇటు మారారని అర్థం.

కొనేవాళ్లుగా మనం చూసుకోవాల్సింది రెండు. ఒకటి బరువు. ఇండియాలో 10 రూపాయల సబ్బు ధర ఏళ్ల తరబడి పదే ఉంటుంది, నూనె ధర పెరిగితే లోపల సబ్బు చిక్కిపోతుంది. అక్కడ ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది. ఇక్కడ ధర షాపు షాపుకూ మారుతుంది. కాబట్టి ధరను గ్రాములతో భాగించండి, ఫోన్‌లో అర నిమిషం పని.

రెండోది టీఎఫ్‌ఎం, అంటే సబ్బులో ఉండే అసలు కొవ్వు పదార్థం శాతం. భారత ప్రమాణాల్లో టాయిలెట్ సోప్ గ్రేడ్ 1కి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి. బాతింగ్ బార్ అని రాసి ఉంటే ఇంకా తక్కువ ఉండొచ్చు. తక్కువ ఉన్న సబ్బు తొందరగా నాని కరిగిపోతుంది. చవక అనుకున్నది వారం ముందే అయిపోతే అది చవక కాదు. అయితే డవ్ లాంటివాటికి ఈ లెక్క సరిపోదు. అది మామూలు సబ్బు కాదు, వేరే రకం క్లెన్సర్‌తో చేస్తారు.

చివరగా, జగిత్యాల తమ్ముడొకడు మీటింగులో లేచి, "అన్నా, ఇంటికి పోయి వేపసబ్బు పెడదామనుకుంటున్నా, 10 రూపాయలకు అందరికీ అమ్ముతా" అన్నాడు. నేను వద్దన్నాను. 10 రూపాయల సబ్బులో పెద్ద కంపెనీ నూనెను ఓడల లెక్కన కొంటుంది. నువ్వు డబ్బాల లెక్కన కొంటావు. ఆ పోటీలో దాచుకున్న డబ్బు పోతుంది.

మెడిమిక్స్ ఎట్లా మొదలైందో చూడు. 1969లో మద్రాసులో రైల్వే ఆసుపత్రి డాక్టర్ వి.పి. సిధన్ తన దగ్గరకొచ్చే రైల్వే కార్మికుల చర్మ బాధలు చూసి, వాళ్ల కోసం ఇంట్లో చేత్తో చేసిన సబ్బు అది. అందరి కోసం చేయలేదు. మొదట ఒక్క గుంపు, ఒక్క బాధ. ఆ గుంపు ఎక్కడుందో ఆయనకు తెలుసు. మళ్లీ మళ్లీ వస్తారనీ తెలుసు.

కాబట్టి తమ్ముడూ, లైసెన్సు కంటే, అచ్చుల కంటే ముందు ఒక కాగితం తీసుకో. నీ సబ్బు ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఏ షాపులో వెతుకుతారు, అయిపోయాక మళ్లీ అదే ఎందుకు అడుగుతారు, ఇవి రాయి. ఆ కాగితంలో "అందరూ" అన్న మాట ఉంటే కొట్టేసి మళ్లీ రాయి. రాసింది ఊళ్లో ఇరవై ఇళ్లకు చూపించి, డబ్బు తీసుకునే సబ్బు ఇవ్వు, ఊరికే ఇవ్వకు. రెండోసారి డబ్బు పెట్టి ఎందరు కొన్నారో లెక్కపెట్టు. వాళ్లే నీ గుంపు.

వచ్చే నెల ఊరికి పోయేవాళ్లు పెట్టె సర్దే ముందు ఒకసారి ఆ గిఫ్ట్ డబ్బా తిప్పి బరువు చూడండి. చూశాక కూడా చెల్లెలి కోసం కొనాలనిపిస్తే కొనండి, తప్పేమీ లేదు. దేనికి ఎంత పెడుతున్నామో తెలిసి కొంటే చాలు.