ఫోటోలో వచ్చిన ఓటరు ఫారం: రాసే ముందు ఏ గడి ఏమడుగుతోంది?



ఓటరు జాబితా సవరణ కాలంలో మన ఫోన్లకు తరచుగా ఒక ఫోటో వస్తుంది. ఇంగ్లీషు ఫారం, దాని కింద ఒకే మాట: "ఏం రాయాలో చెప్పండి." ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పకూడదు. ముందు ఆ ఫారం ఏమడుగుతోందో చదివి వినిపించాలి. ఎందుకో ఒక ఉదాహరణతో వివరిస్తాను.

గుంటూరులో ఓటున్న షేక్ రిజ్వానా బేగం పెళ్లయి తెనాలి వెళ్లిందనుకుందాం. ఆమె అన్న ఒక ఫారం మొదటి పేజీని ఫోటో తీసి పంపాడు. పైభాగం కొంత తెగిపోయింది. మనం మొదట అడగవలసినవి రెండు: పైన అచ్చయిన ఫారం నంబరు, రెండవ పేజీ. అవి చేతికి వచ్చేవరకు ఒక్క అక్షరమూ రాయించవద్దు. రెండు పేజీలూ వచ్చాయి. అది ఫారం 6.

పేరు గడి పక్కనే ఇంటిపేరు గడి ఉంటుంది. మనలో షేక్, సయ్యద్, మహమ్మద్ వంటివి పేరుకు ముందు రాస్తాం. ఈ ఫారంలో "రిజ్వానా బేగం" మొదటి గడిలోకి, "షేక్" ఇంటిపేరు గడిలోకి వెళ్తాయి. పేరును రాష్ట్ర అధికార భాషలోనూ, ఇంగ్లీషు పెద్ద అక్షరాలలోనూ రాయాలి. జతచేసే పత్రంలో ఉన్న వర్ణక్రమమే ఇక్కడా ఉండాలి. ఒకచోట "బేగం", మరోచోట "బీ" అని ఉంటే ఇద్దరు మనుషులన్న అనుమానం వస్తుంది.

తరువాతి గడి బంధువు పేరు. తండ్రి, తల్లి, భర్త మొదలైనవారిలో ఒక్కరినే ఎంచుకోవాలి. భర్త అని గుర్తు పెట్టి తండ్రి పేరు రాయడం తరచుగా జరిగే తప్పు.

చిరునామా గడి సొంత ఇల్లు ఎక్కడుందని అడగడం లేదు, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారని అడుగుతోంది. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయిపోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. కనుక రిజ్వానా చిరునామా తెనాలిలోని అత్తవారిల్లే.

ఇక చివరనున్న ప్రకటన. చాలామంది దీన్ని చదవకుండా సంతకం చేస్తారు. "నేను భారత పౌరురాలిని, నేను పుట్టిన ఊరు ఇది, ఈ చిరునామాలో ఫలానా నెల నుండి ఉంటున్నాను, నా పేరు చేర్చమని మొదటిసారి దరఖాస్తు చేస్తున్నాను, నా పేరు మరే నియోజకవర్గంలోనూ లేదు" అన్నది దాని సారాంశం. రిజ్వానా పేరు గుంటూరులో ఉంది. ఆమె సంతకం చేస్తే అది అబద్ధపు ప్రకటన అవుతుంది. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం, తెలిసి చేసిన తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అంటే గడులన్నీ సరిగా నింపినా ఆమెకు ఆ ఫారమే తగదు. వేరే నియోజకవర్గానికి మారినవారు పూర్వం ఫారం 6 ఇచ్చేవారు. 2022 ఆగస్టు 1 నుండి ఆ పద్ధతి మారింది. ఇల్లు మారినవారికి ఇప్పుడు ఫారం 8. అందులో ఓటరు కార్డు నంబరు రాసి, నివాస మార్పు, వివరాల సవరణ, కొత్త కార్డు, వికలాంగత నమోదు అనే నాలుగింటిలో ఒకదానికే గుర్తు పెట్టాలి. రిజ్వానా నివాస మార్పుకు గుర్తు పెట్టి, తెనాలి చిరునామా రాసి, దానికి రుజువు జతచేయాలి. ఆ రుజువు ఆమె పేరిట ఉండవచ్చు, లేదా అక్కడే ఓటరుగా ఉన్న భర్త పేరిట ఉండవచ్చు.

"ముందు గుంటూరులో పేరు తీసేయించాలి కదా" అని కొందరు ఫారం 7 తెస్తారు. నివాస మార్పుకు ఫారం 8 ఇచ్చినప్పుడు ఆ అవసరం లేదు. ఫారం 7 పేరు తొలగించమని కోరేది, లేదా చేర్చవద్దని అభ్యంతరం చెప్పేది. అందులో అడిగే కారణాలలో మరణం, శాశ్వతంగా వెళ్లిపోవడంతో పాటు "భారత పౌరుడు కాదు" అన్నదీ ఉంది. పైభాగం తెగిన ఫోటోలో పేరు, కార్డు నంబరు గడులు చూసి ఇది కూడా సవరణ ఫారమే అనుకునే ప్రమాదం ఉంది. అర్థం తెలియక ఆ గడిలో గుర్తు పెడితే తన పేరుపై తానే అభ్యంతరం చెప్పినట్లవుతుంది. నంబరు కనిపించే ఫోటో కావాలని పట్టుబట్టేది ఇందుకే.

కాబట్టి ఫారం పంపినవారికి ప్రతి గడి అర్థాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి. వారి జవాబులను ముందు తెల్లకాగితంపై రాయించండి. ప్రకటనను పూర్తిగా వినిపించి, "ఇందులో ప్రతి మాటా మీ విషయంలో నిజమేనా?" అని అడగండి. అవునన్న తరువాతే కలం ఫారం మీద పెట్టాలి. ఇచ్చాక రసీదు తీసుకుని, దానిపై ఉన్న నంబరును భద్రపరచమని చెప్పండి. తుది జాబితా వచ్చినప్పుడు తెనాలి జాబితాలో పేరు చేరిందా, గుంటూరు జాబితాలో తీసేశారా అని రెండుచోట్లా చూసుకోవాలి.