ఎకరం ఒకటే, కంచె ఒకటి కాదు: నర్సరీ గ్రూపు తరఫున మహాసభలో చెప్పిన మాటలు

మా నర్సరీ గ్రూపును వాక్కాయ మొక్కల గురించి మాట్లాడమన్నారు. మొక్కలు ఎలా పెంచామో మీలో చాలామంది వచ్చి చూశారు. అందుకని మేం చేసిన ఒక లెక్క తప్పు చెప్తాం. అది వింటే వచ్చే వానాకాలం మీకు పనికొస్తుంది.

పోయినేడు కంచె మొక్కలు కావాలని ఇద్దరు సభ్యులు వచ్చారు. ఇద్దరిదీ చెరో ఎకరం. మేం ఏమీ కొలవలేదు. ఎకరానికి 300 చాలని ఇద్దరికీ 300 చొప్పున ఇచ్చేశాం. మొదటి అక్క పొలానికి మొక్కలు మిగిలాయి. రెండో చెల్లెలు పొలంలో సగం దాటాక కొద్ది దూరంలోనే అయిపోయాయి. మళ్లీ ఇద్దామంటే నర్సరీలో లేవు. వాక్కాయ గింజ పండులోంచి తీశాక నిలవ ఉండదు, పచ్చిగా ఉన్నప్పుడే వేయాలి. అది మొలిచి నాటే మొక్క కావాలంటే ఇంకో ఏడాది ఆగాల్సిందే. మిగిలిన మేరకు ఆమె ఎండు కంప వేసింది. ఆ కంప పక్కకి జరిగిన చోటునుంచే మేకలు దూరాయి, రెండు సాళ్ల బెండ పోయింది. గ్రూపులో అప్పు తీసుకుని వేసిన పంట అది. ఆ రోజు మేం ఆమె ముఖం చూడలేకపోయాం.

తప్పెక్కడ? కంచె పొలం లోపల ఉండదు, చుట్టూ ఉంటుంది. పాసుపుస్తకంలో రాసేది విస్తీర్ణం. మొక్కలు అడిగేది చుట్టుకొలత. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మొదటి అక్క పొలం 198 అడుగులు, 220 అడుగులు. గుణిస్తే సరిగ్గా ఎకరం, చుట్టూ తిరిగితే 836 అడుగులు. చెల్లెలిది పంపకాల్లో వచ్చిన పొడుగు పట్టీ: 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు. అదీ సరిగ్గా ఎకరమే. చుట్టూ మాత్రం 1,452 అడుగులు. భూమి ఒకటే, కంచె దాదాపు రెట్టింపు. అన్నదమ్ముల పంపకాల్లో పొలాలన్నీ ఇలాగే పట్టీలవుతున్నాయి కాబట్టి ఇది మన ఊళ్లలో అందరికీ వచ్చేదే.

అందుకే ముందు టేపు పట్టుకుని తిరగాలి. అడుగులు వేసి కొలిస్తే ఒక్కొక్కరి అడుగు ఒక్కోలా ఉంటుంది. నైలాను తాడు లాగితే సాగుతుంది. పొలం నాలుగు మూలలదే కానక్కర్లేదు, ఐదు మూలలున్నా ఏడున్నా ప్రతి పక్కనీ విడిగా కొలిచి కూడితే చాలు. ఇంకో మాట, హద్దు మీదే నాటకండి. వాక్కాయ పక్కలకి బాగా విస్తరిస్తుంది. రేపు పక్క రైతు కొమ్మలు నరికితే తగువు, హద్దు రాయి పొదలో కనపడకపోతే ఇంకా పెద్ద తగువు. మేం అన్ని పక్కలా 3 అడుగులు లోపలికి జరుపుతున్నాం. అప్పుడు మొదటి అక్క వరస 192, 214 అడుగులవుతుంది, చుట్టూ 812. గేటుకి 12 అడుగులు తీసేస్తే 800.

ఇక మొక్కకీ మొక్కకీ దూరం. వాక్కాయని మేం 3 అడుగులకు నాటుతున్నాం. గోరింటయితే అడుగుకొకటి పెడతారు, అంటే మొక్కలు మూడింతలు. దూరం తగ్గిస్తే కంచె తొందరగా మూసుకుంటుంది, డబ్బూ అంతే పెరుగుతుంది. మూడడుగులకు పెడితే మొదటి రెండేళ్లు మధ్యలోంచి మేక దూరుతుంది, అన్నాళ్లూ బయట ఎండు కంప తప్పదు. మొక్క మోకాలెత్తు రాగానే తల తుంచితే కిందనుంచి కొమ్మలు పడతాయి. తుంచకపోతే పైన పొద, కింద సందు.

800ని 3తో భాగిస్తే 266 దాటుతుంది. అందుకే 267 సందులు అనుకోవాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. మీ చేయి చూసుకోండి. వేళ్లు అయిదు, మధ్య సందులు నాలుగు. గేటు ఉన్న కంచె అలాంటిది, గేటుకి ఆ పక్కా ఈ పక్కా మొక్క ఉంటుంది కాబట్టి సందుల కంటే ఒకటి ఎక్కువ. గేటు లేకుండా చుట్టూ మూసేస్తే పూసల దండ లాంటిది, సందులెన్నో మొక్కలన్నే.

మూలలు చూడకుండా ఈ లెక్క పూర్తవదు. ఒక్కో పక్కకీ విడిగా లెక్కేసి ప్రతిసారీ ఒకటి కలిపితే మూల మొక్క రెండుసార్లు పడుతుంది. అలాగే 192 అడుగుల పక్క 64 సందులుగా సరిపోతుంది కానీ 214 సరిపోదు. 71 సందులు పెడితే చివర అడుగు మిగులుతుంది. దాన్ని వదిలేయకుండా 72 సందులు చేసి, ఒక్కో సందు అర అంగుళంలోపు తగ్గించి సర్దితే మూల మీద మొక్క కుదురుతుంది. అలా గేటు పక్కన 60, ఎదుటి పక్కన 64, రెండు పొడుగు పక్కల 72, 72. మొత్తం 268 సందులు, 269 మొక్కలు.

తర్వాత మూలల్ని ఏం చేస్తారో అడగాలి. కంచె ముందు తెగేది మూలలోనే. రోడ్డు వైపు మూలలో ట్రాక్టరు తిరిగినప్పుడు వెనక చక్రం మూల మొక్కని తొక్కుతుంది. అందుకే గేటు పక్క ఉన్న రెండు మూలల్నీ ఏటవాలుగా కోశాం. మూలకి అటు మూడు సందులు, ఇటు మూడు సందులు వదిలి అడ్డంగా నాటితే ఆ గీత పదమూడు అడుగులకు కొంచెం తక్కువ. అందులో అయిదు సందులు పెట్టాం, రెండున్నర అడుగుల చొప్పున. ఆరు సందుల చోట అయిదే కాబట్టి మూలకొక మొక్క మిగిలింది. పోయే భూమి మూలకి నలభై చదరపు అడుగులు, అంతే. వెనక మూలలు రెండూ వాగు వైపు, పశువులు మెడ పెట్టి తోసే చోటు. అక్కడ లోపల వరసకి ఎదురుగా, సందుల మధ్యకి వచ్చేలా మూలకి మూడేసి మొక్కలు అదనంగా పెట్టాం. రెండు తగ్గాయి, ఆరు పెరిగాయి. 269 కాస్తా 273 అయింది.

చివరగా చచ్చేవాటికి. పదింట ఒకటి పోతుందనుకుని 28 కలిపి 301 మొక్కలు. ఆ 28ని ముందే నాటేయకూడదు. సంచుల్లోనే నీడన ఉంచి, నెల తర్వాత వరస వెంట నడిచి, ఎండిన చోట పెట్టాలి. ఒకే ఈడు మొక్కయితేనే పక్కవాటితో కలిసి పెరుగుతుంది. మరుసటి ఏడు తెచ్చి పెట్టింది నీడలో పడి వెనకబడిపోతుంది.

చూశారా, మొదటి అక్కకి మేం గుడ్డిగా ఇచ్చిన 300 దాదాపు సరిపోయే లెక్కే. అదే మమ్మల్ని మోసం చేసింది. చెల్లెలి పట్టీకి ఇదే లెక్క వేస్తే లోపలి వరస 60, 654 అడుగులు, గేటు పోను 1,416. దాన్ని 3తో భాగిస్తే 472 సందులు, 473 మొక్కలు, మూలలకీ పోయేవాటికీ ఇంకా కలపకముందే. మేమిచ్చిన 300 పోను 173 తక్కువ, అంటే 519 అడుగుల మేర ఖాళీ.

ఈ ఏడు ఆ ఖాళీకి సరిపడా మొక్కలు ఆమె పేరున విడిగా పెంచి ఉంచాం. తొలకరి పడగానే ఇస్తాం, వాటికి డబ్బు తీసుకోకూడదని గ్రూపులో తీర్మానం రాసుకున్నాం. మీలో ఎవరికైనా మొక్కలు కావాలంటే ఎన్ని ఎకరాలో చెప్పకండి. ప్రతి పక్క పొడవు, గేటు వెడల్పు, ఏ మూల రోడ్డుకి ఉందో కాగితం మీద గీసి తెండి. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, అంకెలు టేపువి అయితే చాలు.