పదో తరగతి తర్వాత మూడేళ్ళు

 

కూలికీ కూలికీ, జీతానికీ జీతానికీ మధ్య తేడా ఎందుకు వస్తుంది, అందులో చదువు పాలెంత అన్నది చింతామణిలో జరిగే ఈ సదస్సు ముందున్న ప్రశ్న. 1960 డిసెంబరులో సెయింట్ లూయిస్‌లో థియోడర్ షుల్జ్ అమెరికా ఆర్థికవేత్తల సంఘానికి అధ్యక్షోపన్యాసం ఇస్తూ ఈ ప్రశ్ననే ఎత్తుకున్నారు. చదువు మీద పెట్టే ఖర్చు తిండి ఖర్చు లాంటిది కాదు, బావి తవ్వడానికి పెట్టే ఖర్చు లాంటిదని ఆయన వాదం. ఆయన చెప్పిన ఇంకొక మాట నాకు అంతకంటే ముఖ్యం. హైస్కూలు, కాలేజీ చదువుల ఖర్చులో సగానికి పైగా ఫీజులూ పుస్తకాలూ కావు, చదివే పిల్లవాడు ఆ కాలంలో సంపాదించకుండా వదులుకున్న కూలే. మానవ మూలధనం గురించి మనం ఎంత మాట్లాడుకున్నా ఈ ఒక్క పద్దును మరిచిపోతూ ఉంటాం. అందుకని ఇవాళ దాని గురించే చెబుతాను.

చింతామణికీ శిడ్లఘట్టకూ మధ్య ఏదో ఒక ఊరిలో పదో తరగతి పాసై, పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రవాడిని అనుకుందాం. అతని ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పట్టుగూళ్ళ రీలింగు పనిలో చేరడం. రెండు, మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా. లెక్క కోసం నేను కొన్ని అంకెలు ఊహించుకుంటున్నాను, మీకు తెలిసిన అంకెలు వేసుకుని సరిచూసుకోండి. రీలింగులో రోజుకు 400 రూపాయలు, నెలకు 25 రోజుల పని. అంటే నెలకు 10,000, ఏడాదికి లక్షా ఇరవై వేలు. డిప్లొమాకు ఫీజు, బస్సు, పుస్తకాలు కలిపి ఏడాదికి 30,000. మూడేళ్ళకు చేతి నుంచి పోయేది 90,000, రాకుండా పోయేది 3,60,000. మొత్తం నాలుగున్నర లక్షలు. ఇందులో అయిదింట నాలుగు వంతులు ఏ రసీదులోనూ కనిపించని ఖర్చు.

ఇక రాబడి. డిప్లొమా చేసినవాడికి, రీలింగులో ఉండిపోయిన తోటివాడి కంటే నెలకు 4,000 ఎక్కువ వస్తుందనుకుందాం. ఏడాదికి 48,000. నలభై ఏళ్ళపాటు అదే తేడా నిలిస్తే, పెట్టిన నాలుగున్నర లక్షల మీద ఏడాదికి 9, 10 శాతం మధ్య గిట్టుబాటు తేలుతుంది. చెడ్డ పెట్టుబడి కాదు. బ్యాంకులో దాచుకునే డబ్బుకు అంత వడ్డీ మామూలుగా రాదు.

కాని ఆ ఇంట్లో దాచుకున్న డబ్బు లేదు. అప్పు తేవాలి. ఊళ్ళో వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. పది శాతం పండే చేను కోసం ఇరవై నాలుగు శాతానికి అప్పు తెచ్చే రైతును ఎవరైనా వారిస్తారు. పిల్లవాణ్ణి రీలింగుకు పంపిన తండ్రి కూడా ఆ లెక్కే వేశాడు. చదువు విలువ తెలియక మానిపించాడని అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. విలువ అతనికి తెలుసు. అతనికి దొరికే డబ్బు ఖరీదు మనకే తెలియదు.

ఆ డబ్బు అంత ఖరీదెందుకు? పొలం మీద అప్పిచ్చినవాడు, తీర్చకపోతే పొలం పట్టుకుంటాడు. బుర్రలో ఉన్న చదువును ఎవరూ జప్తు చేయలేరు. మనిషినే తాకట్టు పెట్టే ఏర్పాటు ఒకప్పుడు మన పల్లెల్లో ఉండేది. అప్పు కింద పిల్లవాణ్ణి జీతానికి కుదిర్చేవారు. 1976 చట్టం ఆ వెట్టిని నిషేధించింది, మంచి పని చేసింది. అయితే తాకట్టుకు తగని ఆస్తి మీద సొంతంగా ముందుకొచ్చి అప్పిచ్చేవాడు ఉండడు. విద్యారుణ పథకం కింద నాలుగు లక్షల దాకా బ్యాంకులు హామీ ఆస్తి అడగకూడదు. అయినా ఆ రుణం ఫీజుకూ హాస్టలుకూ పుస్తకాలకూ ఇచ్చేది. ఇంటికి రాకుండా పోయిన పదివేల కూలికి అందులో పద్దు లేదు.

1967లో గ్యారీ బెకర్ చేసిన ఒక ఉపన్యాసం ఈ చిక్కును చక్కగా విప్పింది. ఇద్దరి సంపాదనల్లో తేడా రావడానికి ఆయన రెండు మూలాలు చూపారు. ఒకే చదువు ఒకరికి ఎక్కువ పండటం ఒకటి, ఒకరికి డబ్బు చవకగా దొరికి మరొకరికి ప్రియంగా దొరకడం రెండోది. మొదటిదాన్ని మనం తెలివి అంటాం. రెండోది ఇంటి పరిస్థితి. ఈ రెండు మూలాల్లో తేడా దేని నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. చదువు మానిన పిల్లవాడు ఇంకో ఏడాది చదివి ఉంటే ఆ ఏడాదికి రాబడి బాగా ఎక్కువగా ఉండేదని తేలితే, అతణ్ణి ఆపింది తెలివి తక్కువతనం కాదు, డబ్బు.

దాన్ని ఎలా తేల్చాలి? చదివినవాళ్ళు మొదటి నుంచే చురుకైనవాళ్ళేమో అన్న సందేహం ఎప్పుడూ ఉంటుంది. ఆ సందేహానికి తావులేని ఉదాహరణ ఒకటి ఉంది. ఇండోనేషియా ప్రభుత్వం 1973 నుంచి 1978 లోపు 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఏ జిల్లాలో, ఏ ఏట పుట్టారన్న దాన్ని బట్టి కొందరికి బడి అందింది, కొందరికి అందలేదు. ఇందులో తెలివి ప్రసక్తి లేదు. ఎస్తేర్ డుఫ్లో 2001లో ఆ పిల్లల జీతాలు పరిశీలించి, ఒక్కొక్క ఏడు చదువుకు సుమారు 7 నుంచి 11 శాతం దాకా జీతం పెరిగిందని చూపారు.

చదువుతోనే అంతా తేలిపోదు. రీలింగు పని ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఉడికిన గూళ్ళను వేడినీళ్ళలో కదిపి, తప్పు దారాలు తీసేసి, అసలు కొస పట్టుకుని, ఒక్కో గూటి పోగును తెగకుండా కలుపుతూ పోవాలి. చేయి తిరిగినవాడికీ కొత్తవాడికీ పట్టుదారం నాణ్యంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అదీ మానవ మూలధనమే, బడిలో కాక తొట్టి దగ్గర నేర్చుకున్నది. అయితే ఆ నేర్చుకోవడం కొన్నేళ్ళలో పూర్తవుతుంది. ఆ తర్వాత కూలి పెరగడానికి చేతి వేగం తప్ప దారి లేదు, వయసు పైబడితే అదీ తగ్గుతుంది. పని అనుభవం పాలెంతో జేకబ్ మిన్సర్ 1974లో అమెరికా అంకెలతో చూపారు. అక్కడ చదివిన ఏళ్ళు ఒక్కటే సంపాదన తేడాల్లో 7 శాతాన్ని వివరించాయి. పని అనుభవాన్ని కూడా కలిపితే సుమారు మూడో వంతు వివరణ దొరికింది. మన దగ్గర ఆ మిగతాది కులమా, బంధుబలగమా, ఊరా, అదృష్టమా అన్నది మన పత్రాలు వెతకాలి. నా లెక్కలో తేడా 4,000 దగ్గరే ఆగిందనుకున్నాను, నిజానికి డిప్లొమావాడి జీతం ఎక్కువ కాలం పెరుగుతూ పోవచ్చు. అప్పుడు రాబడి పది శాతం దాటుతుంది. అయినా ఇరవై నాలుగును అందుకోవడం కష్టం.

ఆడపిల్ల విషయంలో ఇంకో ముడి ఉంది. ఖర్చు పుట్టింటిది, రాబడి మెట్టినింటిది. అదే పది శాతం, పెట్టుబడి పెట్టే తండ్రి కంటికి ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

డబ్బు అందితే తెలివి ఎంత దూరం పోతుందో చూపే ఊరు ఇక్కడికి దగ్గరలోనే ఉంది, ముద్దేనహళ్ళి. అక్కడ, ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టిన విశ్వేశ్వరయ్య చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. చిక్కబళ్ళాపురంలో చదివి, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఎ. పూర్తిచేశారు. అంతవరకు సొంత కూలితో నెట్టుకొచ్చారు. పూనాలో ఇంజనీరింగు చదువుకు మాత్రం మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1883లో పట్టా, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం. ఆ స్కాలర్‌షిప్ లేకుంటే ఆ తెలివికి ఏ వడ్డీ వ్యాపారి పెట్టుబడి పెట్టేవాడు?

కర్ణాటకలో హాస్టలు సీటు దొరకని వెనుకబడిన వర్గాల విద్యార్థులకు విద్యాసిరి పథకం నెలకు 1,500 రూపాయల చొప్పున ఇస్తూ వచ్చింది. పది నెలలకు 15,000. వదులుకున్న లక్షా ఇరవై వేలలో ఇది ఎనిమిదో వంతు. ఫీజు పూర్తిగా మాఫీ చేసినా, మన ఊహా కుర్రవాడి ఇంటి మీద మూడేళ్ళకు మూడు లక్షలకు పైగా భారం నిలిచే ఉంటుంది.

ఇవాళ పత్రాలు చదివేవారికి నాది ఒక్క కోరిక. చదువు ఖర్చు పట్టికలో వదులుకున్న కూలికి ఒక గడి, ఆ ఇంటికి అప్పు పుట్టే వడ్డీకి ఒక గడి వేసి చూపండి. ఆ రెండూ లేని పట్టిక మీద చర్చ వచ్చినప్పుడు అధ్యక్షుడిగా మొదటి ప్రశ్న నేనే అడుగుతాను. ఇక మొదటి పత్రం చదవవలసిందిగా కోరుతున్నాను.